పట్టికలో కుడివైపు గడి: ఒక సర్వే పట్టికను చదివే పద్ధతి
(అనంతపురంలో పాత్రికేయ విద్యార్థులు, క్షేత్రస్థాయి సర్వే కార్యకర్తల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. నన్ను గణాంకశాస్త్రం గురించి మాట్లాడమన్నారు. అంత పెద్ద విషయాన్ని గంటసేపట్లో చెప్పబూనడం కంటే, ఒక్క పట్టికను మీ ముందు పెట్టి దాన్ని ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి పూర్తిగా చదవడమే మేలని నాకు అనిపించింది. ముందే ఒక మాట. బోర్డు మీద రాస్తున్న ఈ పట్టిక ఏ సంస్థ నివేదికలోదీ కాదు. పాఠం కోసం నేను అల్లినది. అంకెలు నావే కాబట్టి వీటిని జిల్లా వాస్తవంగా రాసుకుని వెళ్లవద్దు. పట్టిక రూపం మాత్రం సర్వే నివేదికల్లో మీకు రోజూ ఎదురయ్యేదే.

ఒక జిల్లాలో 30 గ్రామాలను ఎంచి, గ్రామానికి 20 చొప్పున 600 వ్యవసాయ కుటుంబాలను కలిశారని అనుకుందాం. అడిగిన ప్రశ్న ఒక్కటే: మీ పొలంలో డ్రిప్ ఉందా?

| కుటుంబానికి ఉన్న భూమి | డ్రిప్ ఉన్నవారు (శాతం) | కుటుంబాల సంఖ్య |
|---|---|---|
| 2.5 ఎకరాల లోపు | 22.0 | 250 |
| 2.5 నుంచి 5 ఎకరాలు | 31.0 | 200 |
| 5 నుంచి 10 ఎకరాలు | 42.0 | 112 |
| 10 ఎకరాల పైన | (55.3) | 38 |
| మొత్తం | 30.8 | 600 |

పట్టిక చూడగానే అందరి కళ్లూ మధ్య వరుసలోని శాతాల మీదికి పోతాయి. నేను మాత్రం కుడివైపు చివరి వరుసతో మొదలుపెడతాను. ఎందుకంటే శాతం అనేది భాగహారం వల్ల వచ్చిన అంకె, భాగించిన సంఖ్య తెలియనిదే దాని బలం తెలియదు. 55.3 శాతం అన్నప్పుడు దశాంశ బిందువు తర్వాత కూడా ఒక అంకె ఉంది కాబట్టి అది చాలా కచ్చితంగా కొలిచినట్లు కనిపిస్తుంది. కుడివైపు చూస్తే అక్కడున్నవి 38 కుటుంబాలు. అందులో డ్రిప్ ఉన్నవి 21. ఇంకొక్క రైతు 'ఉంది' అని చెప్పి ఉంటే ఆ అంకె 57.9 అయ్యేది, ఒకరు తగ్గి ఉంటే 52.6 అయ్యేది. ఒక్క మనిషి జవాబుతో రెండున్నర శాతం పాయింట్లకు పైగా కదిలిపోయే అంకెకు దశాంశ స్థానం ఎందుకో నాకు ఎప్పుడూ అర్థం కాదు. కంప్యూటర్ ఇస్తుంది కాబట్టి వేస్తారంతే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఈ పొరపాటే చేశాను. ఒక మండలానికి సంబంధించి 71.4 శాతం అని నివేదికలో రాశాను. సమీక్ష సమావేశంలో పై అధికారి ఆ మండలాన్ని మిగతా మండలాలకు ఆదర్శంగా చూపిస్తూ చాలాసేపు మాట్లాడారు. ఆ మండలం నుంచి మా సర్వేలోకి వచ్చినవి 14 ఇళ్లనీ, వాటిలో 10 ఇళ్లవాళ్లు అవునన్నారనీ నాకు తెలుసు. చెప్పడానికి ధైర్యం చాలలేదు. తప్పు ఆయనది కాదు, ఆ 14 అనే అంకెను పట్టికలో వేయని నాది.

కుండలీకరణాలు ఊరికే పెట్టినవి కావు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నివేదికలు తిరగేసినవారికి ఇవి పరిచయమే. ఆ నివేదికల్లో ఒక శాతం 25 నుంచి 49 మంది జవాబుల మీద మాత్రమే ఆధారపడితే దాన్ని కుండలీకరణాల్లో వేస్తారు. 25 మంది కంటే తక్కువ ఉంటే అంకెనే తీసేసి నక్షత్రం గుర్తు పెడతారు. ఈ సంగతి పట్టిక అడుగున చిన్న అక్షరాలతో ఉంటుంది. పత్రికలో వార్త రాసేటప్పుడు ఆ కుండలీకరణాలు ఎగిరిపోతాయి, పాఠకుడికి 55.3 ఒక్కటే మిగులుతుంది. 38 మంది అన్న సంగతైనా వార్తలో రాయండి, లేదా ఆ వరుసను వదిలేయండి.

ఇక శాతాల దగ్గరికి వద్దాం. శాతం చూసినప్పుడు 'దేనిలో' అని అడగాలి. ఈ పట్టికలో 55.3 అంటే, 10 ఎకరాల పైన భూమి ఉన్నవారిలో డ్రిప్ ఉన్నవారి శాతం. దీన్ని తలకిందులు చేసి 'డ్రిప్ ఉన్న రైతుల్లో సగానికి పైగా పెద్ద రైతులే' అని రాసినవారిని నేను చూశాను. ఆ మాట నిజమో కాదో ఇదే పట్టికతో తేల్చవచ్చు. నాలుగు వరుసల్లోనూ శాతాన్ని కుటుంబాల సంఖ్యతో గుణిస్తే, డ్రిప్ ఉన్న కుటుంబాలు వరుసగా 55, 62, 47, 21 వస్తాయి. మొత్తం 185. ఆ 185లో 10 ఎకరాల పైబడినవారు 21 మంది, అంటే 11 శాతం చిల్లర. రెండున్నర ఎకరాల లోపువారు 55 మంది, దాదాపు 30 శాతం. శాతంలో అందరికన్నా వెనుకబడి కనిపించిన సన్నకారు రైతులు, తలల లెక్కలో పెద్ద రైతుల కంటే రెండున్నర రెట్లు ఉన్నారు. రెండు వాక్యాలూ ఒకే పట్టికలోవే, రెండూ నిజమే, కానీ ఒకదాని బదులు ఇంకొకటి రాస్తే అబద్ధం అవుతుంది. అంచుల్లో 'మొత్తం 100' ఎక్కడ వస్తుందో చూసుకుంటే ఈ చిక్కు ఉండదు. అడ్డంగా కూడితే వంద వస్తుందా, నిలువుగా కూడితే వస్తుందా, లేక మన పట్టికలో లాగా 'లేదు' అన్నవారి వరుసను చూపకుండా వదిలేశారా అన్నది గమనించాలి.

ఇప్పుడు మార్జిన్ ఆఫ్ ఎర్రర్. తెలుగులో కొందరు దోష పరిధి అంటారు. నాకు ఆ మాట అంతగా నచ్చదు, ఎందుకంటే ఇక్కడ ఎవరూ దోషం చేయలేదు. జిల్లాలోని రైతులందరినీ అడగకుండా 600 మందినే అడిగినందువల్ల, వారి జవాబుకూ అందరి జవాబుకూ మధ్య యాదృచ్ఛికంగా వచ్చే తేడాకు అది ఒక హద్దు. అదే పద్ధతిలో వేరే 600 మంది తగిలి ఉంటే వేరే శాతం వచ్చేది. లెక్క ఇది:

```
1.96 × √( p × (1 − p) / n )
```

ఇందులో p అంటే వచ్చిన శాతాన్ని భిన్నంగా రాసినది, n అంటే కుటుంబాల సంఖ్య. మొత్తం వరుసకు వేద్దాం. 0.308ని 0.692తో గుణించి, 600తో భాగించి, వర్గమూలం తీసి, 1.96తో గుణిస్తే 0.037 వస్తుంది. అంటే 30.8కి అటూ ఇటూ 3.7 పాయింట్లు, సుమారు 27 నుంచి 34.5 దాకా. 1.96 ఎందుకంటే, ఇదే పద్ధతిలో వందసార్లు సర్వే చేసి వందసార్లూ ఇలా హద్దులు గీస్తే, వాటిలో సుమారు 95 సార్లు అసలు విలువ ఆ హద్దుల లోపల పడేటట్లు ఎంచుకున్న అంకె అది. జిల్లాలో మొత్తం రైతులు ఎంతమంది అన్నది ఈ సూత్రంలో ఎక్కడా లేదని గమనించండి. ఐదు లక్షల మందిలోంచి తీసినా, యాభై లక్షల మందిలోంచి తీసినా, 600కు వచ్చే హద్దు దాదాపు ఒకటే.

నివేదిక మొదటి పేజీలో 'మార్జిన్ ఆఫ్ ఎర్రర్ 3.7 శాతం' అని ఒక్కచోట వేస్తారు. చదివేవారు దాన్ని పట్టికలోని ప్రతి అంకెకూ తగిలిస్తారు. అది చెల్లదు. 3.7 అనేది 600 మంది ఉన్న చివరి వరుసకు మాత్రమే. 38 మంది ఉన్న వరుసకు అదే సూత్రం వేస్తే 15.8 వస్తుంది. అంటే పెద్ద రైతుల్లో డ్రిప్ ఉన్నవారు 40 శాతం ఉండవచ్చు, 71 శాతం కూడా ఉండవచ్చు. దాని పై వరుసలో, 112 మందికి, హద్దు 9.1. పట్టిక చూడగానే 42 నుంచి 55కు మెట్టు ఎక్కినట్లు కనిపిస్తుంది, కానీ ఆ మెట్టు నిజంగా ఉందో లేదో ఈ 38 మంది చెప్పలేరు.

ఇలా రెండు వరుసలను పోల్చేటప్పుడు చాలామంది చేసేది ఏమిటంటే, రెండింటి హద్దులూ గీసి, అవి ఒకదాని మీద ఒకటి పడితే తేడా లేదనీ, పడకపోతే ఉందనీ చెప్పడం. పడకపోతే ఉందన్నది సరే, పడితే లేదన్నది తప్పు. మొదటి రెండు వరుసలు చూడండి. 22కి హద్దు 5.1, కాబట్టి 16.9 నుంచి 27.1. 31కి హద్దు 6.4, కాబట్టి 24.6 నుంచి 37.4. ఇవి 24.6కూ 27.1కూ మధ్య ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. అయితే మనం అడుగుతున్నది తేడా గురించి కాబట్టి, హద్దు వేయాల్సింది తేడాకే. రెండు హద్దులనూ కూడకూడదు. ఒక్కొక్కదాన్ని వర్గం చేసి, ఆ వర్గాలను కూడి, వర్గమూలం తీయాలి. 5.1 వర్గం 26, 6.4 వర్గం 41, కలిపితే 67, దాని వర్గమూలం 8.2. ఒక వరుస ఎక్కువగా తప్పినప్పుడు రెండోది సరిగ్గా దానికి ఎదురుదిక్కుగానే అంతే ఎక్కువగా తప్పడం అరుదు గనుక, ఈ అంకె 5.1, 6.4ల మొత్తం కంటే తక్కువ వస్తుంది. ఇప్పుడు తేడా 9 పాయింట్లు, దాని హద్దు 8.2. తొమ్మిది పెద్దది. కాబట్టి సన్నకారు రైతులకూ చిన్నకారు రైతులకూ మధ్య తేడా ఉందని చెప్పవచ్చు.

చెప్పవచ్చా? ఇక్కడే నేను మీ చేత కాసేపు పెన్ను కింద పెట్టించాలి. పై సూత్రం ఒక విషయాన్ని మాట్లాడకుండా ఒప్పేసుకుంది. 600 కుటుంబాలనూ జిల్లా మొత్తం జాబితాలోంచి చీటీలు తీసినట్లు విడివిడిగా తీశామని అది అనుకుంటుంది. మనం అలా తీయలేదు. ముందు 30 ఊళ్లు తీసి, ఒక్కో ఊళ్లో 20 ఇళ్లు తీశాం.

మార్కెట్ యార్డులో చెనిక్కాయలు కొనే వ్యాపారిని మీరు చూసే ఉంటారు. బస్తాల వరుస ముందు నిలబడి, పైపైన ఒక పిడికెడు తీసి వదిలేయడు. చేతిని లోపలికి పోనిచ్చి తీస్తాడు, ఒక బస్తాతో ఆగక ఇంకో నాలుగు బస్తాలు చూస్తాడు. కాయలు వొలిచి, పప్పు ఎంత, తాలు ఎంత అని అరచేతిలోనే లెక్క వేస్తాడు. అతన్ని ఒకే బస్తాలోంచి ఇరవై పిడికిళ్లు తీయమనండి, నవ్వుతాడు. ఒకే చేనులో, ఒకే తేమకు కాసిన కాయలు ఒకే బస్తాలో ఉంటాయి. ఇరవయ్యో పిడికెడు కొత్తగా చెప్పేది ఏమంత ఉండదు.

ఊరు కూడా బస్తా లాంటిదే. ఒక ఊళ్లో భూగర్భ జలం అందుతుంది, బోర్లు పడ్డాయి, కాబట్టి డ్రిప్ ఉంది. పక్క ఊళ్లో 600 అడుగులు వేసినా దుమ్మే వచ్చింది, కాబట్టి డ్రిప్ అన్న ప్రశ్నే లేదు. మొదటి ఊళ్లో ఐదిళ్లు అడిగేసరికే మిగతా పదిహేనిళ్ల సంగతి కొంత తెలిసిపోతుంది. అందువల్ల అక్కడి 20 జవాబులు 20 విడి జవాబులంత విలువ చేయవు. దీన్ని డిజైన్ ఎఫెక్ట్ అంటారు. ఊరికి తీసిన ఇళ్ల సంఖ్యలోంచి ఒకటి తీసేసి, ఒకే ఊరివారు ఒకరినొకరు ఎంత పోలి ఉంటారో చెప్పే గుణకంతో గుణించి, ఒకటి కలపాలి. ఆ గుణకం 0.05 అనుకుందాం. చూడడానికి అది చిన్న అంకె. 19ని 0.05తో గుణించి 1 కలిపితే 1.95. అంటే మన 600 కుటుంబాలు, విడివిడిగా తీసిన 308 కుటుంబాలంత పని మాత్రమే చేస్తున్నాయి. మొత్తం వరుస హద్దు 3.7 కాదు, దాన్ని 1.95 వర్గమూలంతో గుణించగా వచ్చే 5.2.

ఇప్పుడు మొదటి రెండు వరుసలకు తిరిగి వెళ్దాం. 250 మంది 30 ఊళ్లలో ఉన్నారు కాబట్టి ఊరికి సుమారు ఎనిమిది మంది, 200 మందికి సుమారు ఏడుగురు. ఊరికి తక్కువమంది కాబట్టి డిజైన్ ఎఫెక్ట్ కూడా తగ్గుతుంది, సుమారు 1.4, 1.3 దగ్గర ఉంటుంది. ఆ లెక్కన తేడా హద్దు 8.2 నుంచి 9.4కు పెరుగుతుంది. తేడా 9. ఇందాక దాటిన గీతను ఇప్పుడు దాటలేకపోతోంది. రెండు వర్గాలవారూ అవే ఊళ్లలో ఉంటారు కాబట్టి, ఊరి మంచిచెడులు ఇద్దరికీ ఒకే దిక్కున తగిలి, తేడా తీసినప్పుడు కొంత కొట్టుకుపోతాయి. ఆ మేరకు 9.4 కొంత తగ్గవచ్చు. నిజమైన దత్తాంశం చేతిలో ఉంటే ఆ తగ్గింపును కూడా కంప్యూటర్‌తో లెక్కగట్టించవచ్చు. పట్టిక మాత్రమే చేతిలో ఉన్నవాడు రాయగలిగింది ఇంతే: తేడా ఉన్నట్లు సూచన కనిపిస్తోంది, ఈ నమూనాతో గట్టిగా చెప్పలేము. ఆ వాక్యానికి శీర్షిక పెట్టడం కష్టమని నాకు తెలుసు.

నివేదికలో డిజైన్ ఎఫెక్ట్ లెక్కించారో లేదో కనిపెట్టడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. వాళ్లు ఇచ్చిన నమూనా పరిమాణాన్ని ఈ సూత్రంలో వేసి చూడండి. వాళ్లు చెప్పిన హద్దు అచ్చం అదే వస్తే, ఊళ్ల సంగతి పట్టించుకోలేదని అర్థం. దానికంటే పెద్దది వస్తే లెక్కించారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే పెద్ద నివేదికల్లో దీనికి విడిగా అనుబంధమే ఉంటుంది. ఆ సర్వేలో కూడా ఊరికో, పట్టణ బ్లాకుకో 22 కుటుంబాల చొప్పున తీశారు. ఆ సర్వే జిల్లా అంకెలు వాడేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. 2019-21 నివేదికలో అనంతపురం అంటే 63 మండలాల పాత జిల్లా. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయిన తర్వాతి అనంతపురానికి ఆ అంకెను తగిలిస్తే, మార్జిన్ ఎంత జాగ్రత్తగా లెక్క వేసినా పోలిక చెడిపోతుంది.

ఇంతవరకు చెప్పిందంతా చీటీల అదృష్టం వల్ల వచ్చే తేడా గురించే. ప్రశ్న తప్పయితే ఈ సూత్రానికి ఆ సంగతే తెలియదు. 'మీ పొలంలో డ్రిప్ ఉందా?' అని అడిగాం కదా. సబ్సిడీలో వచ్చిన డ్రిప్ పైపులను బోరు ఎండిపోయాక చుట్టలు చుట్టి పశువుల కొట్టంలో పెట్టిన రైతు ఏం చెబుతాడు? 'ఉంది సార్' అంటాడు. అబద్ధం కాదు, పైపులు ఉన్నాయి. ఫిల్టరు కూడా అక్కడే బూజు పట్టి ఉంటుంది. పైపులకు ఎలుకలు బొక్కలు పెట్టిన మాట మనం అడగలేదు కాబట్టి అతను చెప్పలేదు. అడగాల్సింది 'గత ఖరీఫ్‌లో ఎన్ని ఎకరాలకు డ్రిప్‌తో నీళ్లు పెట్టారు?' అని. మరొకటి, తాళం వేసిన ఇళ్లు. పంట పోయిన ఏడాది బెంగళూరుకు పనికి వెళ్లిన కుటుంబం సర్వేకు దొరకదు. వారి బదులు పక్కింటిని తీసుకుంటే 20 నిండుతుంది, n తగ్గదు, మార్జిన్ మారదు. కానీ ఊళ్లో మిగిలినవారు నీళ్లున్నవారు కావడంతో శాతం పైకి జరుగుతుంది. 600ను 6,000 చేసినా ఆ జరుగుడు అలాగే ఉంటుంది. అందుకే నివేదికలో ఎన్ని ఇళ్లకు వెళ్లారు, ఎన్నింట్లో జవాబు దొరికింది అన్న రెండు అంకెలు ఎక్కడున్నాయో నేను ముందు వెతుకుతాను. 600 కుటుంబాలు కావాలని వెళ్లి సరిగ్గా 600 తెచ్చిన సర్వేను చూస్తే నాకు కొంచెం అనుమానం వస్తుంది.

ఇందాక వెనుక బెంచీ నుంచి ఒక అమ్మాయి చీటీ పంపింది. 'హద్దును తగ్గించాలంటే నమూనాను రెండింతలు చేస్తే సరిపోతుందా సార్?' అని. సరిపోదమ్మా. సూత్రంలో n వర్గమూలం లోపల ఉంది. 600ను 1,200 చేస్తే 3.7 కాస్తా 2.6 అవుతుంది. సగం కావాలంటే 2,400 కావాలి, ఖర్చు నాలుగింతలు. అంతకంటే చౌకైన దారి ఒకటుంది. అవే 600 ఇళ్లను 30 ఊళ్లకు బదులు 60 ఊళ్లలో, ఊరికి పది చొప్పున తీయండి. అప్పుడు డిజైన్ ఎఫెక్ట్ 1.95 నుంచి 1.45కు, హద్దు 5.2 నుంచి 4.4కు దిగుతుంది. ఒక్క ఇల్లు కూడా పెరగలేదు. పెరిగేది జీపు డీజిలు, మీ బృందం తిరగాల్సిన రోజులు. దాన్ని ఒప్పుకునే బడ్జెట్ ఉందా లేదా అన్నది పనికి బయలుదేరకముందే అడగాలి. పట్టిక అచ్చయ్యాక ఊళ్లను పెంచలేరు.